గోరింటాకు ఎప్పుడు మెహందీ అయింది?

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె పేరు బయటి ప్రపంచానికి యురేనియం వల్ల తెలిసింది. 2007లో గనికి శంకుస్థాపన, 2012లో ఖనిజాన్ని శుద్ధి చేసే మిల్లు, తర్వాత వ్యర్థాల చెరువు, చుట్టుపక్కల పల్లెల బోరునీళ్ళ గురించిన ఆందోళనలు. ఈ ఊరి మీద అచ్చయిన కాగితాలన్నీ దాదాపు దీని చుట్టూనే తిరుగుతాయి. పులివెందుల చుట్టూ ఉన్న ఇలాంటి మెట్ట పల్లెల్లో స్త్రీలు వేరుశనగ చేలో కలుపు తీస్తూ, కాయలు వొలుస్తూ చేసిన పని చరిత్రలోకి ఎక్కడా ఎక్కలేదు. ఈ మధ్య అదే పల్లెల ఆడపిల్లలు సొంతంగా రాసుకుంటున్న ఒక చిన్న ప్రకటన మాత్రం ఫోన్ల మీద, ఫ్యాన్సీ షాపుల అద్దాల మీద కనబడుతోంది. పండగలకు చేతులకు మెహందీ పెడతామని చెప్పే ప్రకటన అది. దాన్ని ఒక చరిత్ర పత్రంగా చదివితే ఏం దొరుకుతుందో చూడాలని ఈ వ్యాసం.

ఏ ఒక్క అమ్మాయి రాసిందో ఇక్కడ ఎత్తి రాయటం న్యాయం కాదు. ఇలాంటివన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి కనుక, వాటి పోలికతో ఒక నమూనా రాసుకుందాం:

"ఆషాఢం, వరలక్ష్మీ వ్రతం, ఉగాది, రంజాన్ బుకింగులు మొదలయ్యాయి. సింపుల్: ఒక చేయి, ఒక వైపు. పండగ ప్యాకేజి: రెండు చేతులు, రెండు వైపులా. పెళ్ళికూతురు ప్యాకేజి: మోచేతుల దాకా, కాళ్ళకు కూడా. నేచురల్ కోన్ మాత్రమే వాడబడును. అడ్వాన్స్ ఇచ్చినవారికే టైము. లేడీస్ ఓన్లీ. ఫోన్ చేయండి."

నాలుగైదు వరసలు. ఇందులో గోరింటాకు అన్న మాట లేదు. తెలుగు పండగల పేర్లు పెట్టి, తెలుగు ఆడవాళ్ళ కోసం రాసిన ప్రకటనలో, ఆ ఆకుకి మనం తరతరాలుగా పిలుచుకున్న పేరు ఎందుకు లేదు? అది ఊరికే ఫ్యాషన్ వల్ల జరిగింది కాదనీ, ఆ రెండు మాటల మధ్య ఒక శ్రమ చరిత్ర ఉందనీ నేననుకుంటున్నాను. మన ఇళ్ళలో నూరింది గోరింటాకు. డబ్బిచ్చి పెట్టించుకునేది మెహందీ. ఒకే మొక్క, ఒకే ఎరుపు. ఒకదానికి వెల లేదు, ఇంకోదానికి ఉంది.

మొదట ఆ మొక్క సంగతి. 1753లో లిన్నేయస్ దీనికి లాసోనియా ఇనెర్మిస్ అని పేరు పెట్టాడు. ఇనెర్మిస్ అంటే ఆయుధం లేనిది, ముల్లు లేనిది అని. ముళ్ళున్న గోరింటను ఆయనే వేరే జాతి అనుకుని ఇంకో పేరు పెట్టాడు. నిజానికి రెండూ ఒకటే. లేత మొక్కకి ముళ్ళుండవు, ముదిరిన కొమ్మలకి వస్తాయి. దడి పక్కన పెంచుకుని, ఆషాఢంలో ఆకు దూసి, గోళ్ళ పక్కన గీరుకుపోయిన ఏ పల్లెటూరి ఆడమనిషినడిగినా ఈ సంగతి చెప్పి ఉండేది. తుమ్మలాగే ఇదీ మెట్టనేల మొక్క. తక్కువ వానకి తట్టుకుంటుంది, మేకలూ ఎండలూ దాన్ని చంపలేవు. రాయలసీమ పెరట్లో అది బతికినంత సులువుగా మల్లె బతకదు.

ఈ అలంకారం ఎవరిది అన్న తగువు కూడా పాతదే. హిందువులదా, ముస్లింలతో వచ్చిందా అని. పూనాలోని భండార్కర్ సంస్థలో పనిచేసిన పి.కె. గోడే 1940లలోనే మెహందీ చరిత్ర మీద ప్రత్యేకంగా ఒక పరిశోధన వ్యాసం రాశాడు. క్రీస్తు పూర్వం నుంచి పందొమ్మిదో శతాబ్దం దాకా దొరికే ప్రస్తావనలన్నీ పోగుచేశాడు. ఆ తగువులోకి దిగటానికి కడప, కర్నూలు మనకి అనువైన చోట్లు కావు. కర్నూలు 1839 దాకా నవాబుల కింద ఉంది. కడప దేవుని గడపలో వెంకటేశ్వరుడి దగ్గరికి ఉగాదినాడు ముస్లిం కుటుంబాలు వచ్చి, బీబీ నాంచారి తమ ఆడపడుచని చెప్పుకుంటాయి. పల్లెల్లో పీర్ల పండగ అందరిదీ. ఇలాంటి చోట ఆకు ఒకరి పెరటి నుంచి ఇంకొకరి రోటికి వెళ్ళటానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. తేడా ఆకు దగ్గర లేదు, సందర్భం దగ్గర ఉంది. హిందూ ఇళ్ళలో అది ముఖ్యంగా ఆషాఢం సరదా, తద్దెల నోము ముందు రాత్రి సంబరం. ముస్లిం ఇళ్ళలో అది పెళ్ళిలో విడిగా ఒక రోజు ఉన్న తంతు, పండగ ముందు నెలవంక కనపడిన రాత్రి చేసే పని.

ఇంట్లో పెట్టుకున్న గోరింటాకు ఎవరి పని? ఆకు దూసేది పిల్లలు. రోట్లో వేసి నూరేది తల్లో, నాయనమ్మో. కాస్త చింతపండో నిమ్మరసమో, కాచో వక్కో కలిపి మెత్తగా కాటుకలా నూరాలంటే గంట పడుతుంది. నూరిన చేయి ముందే ఎర్రబడిపోతుంది, అదీ వంకర టింకరగా, మణికట్టు దాకా. తర్వాత వరస. ముందు చిన్నపిల్లలకి, తర్వాత పెళ్ళికావలసిన అమ్మాయికి, కొత్తకోడలికి. అరచేతిలో ఒక చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకి తొడుగులు. పెట్టిన మనిషికి మిగిలేది అడుగున ఉన్న ముద్ద, పెట్టే దిక్కులేని కుడిచేయి. భర్త చనిపోయిన స్త్రీ నూరవచ్చు, పెట్టవచ్చు, పెట్టుకోకూడదు. ఈ నియమం ఏ పుస్తకంలోనూ వెతకక్కర్లేదు, మన ఇళ్ళలో చూసిందే. ఉత్తరాదిన చాలాచోట్ల ఈ పని మంగలి కుటుంబాల స్త్రీల కులవృత్తిలో భాగంగా ఉండేది. ప్రతిఫలంగా గింజలో, చీరో దక్కేది. మన దగ్గర అది ఎక్కువగా ఇంటి పనుల్లో ఒకటిగా కలిసిపోయింది. ఇంటిపనికి వెల కట్టని లెక్కే దీనికీ వర్తించింది.

ఆ రోజుల్లో దాని విలువంతా ఎరుపులోనే ఉండేది. ఎవరి చేయి ఎంత పండింది అన్నదే మరునాటి పోటీ. ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడని పెళ్ళికానివాళ్ళకి, అత్తగారి ప్రేమ ఎక్కువని పెళ్ళయినవాళ్ళకి చెప్పేవారు. అసలు కారణం మనం చెప్పుకోదగినదే. ఆకులో లాసోన్ అనే రంగు పదార్థం ఉంటుంది. ఆకుని నలిపి, పులుపు కలిపి తడిపితే అది బయటికి వచ్చి చర్మం పైపొరలోని కెరటిన్ అనే మాంసకృత్తిని అంటుకుంటుంది. పైపొర ఎంత మందంగా ఉంటే అంత ముదురు రంగు. అందుకే అరచెయ్యి, అరికాలు నల్లటి ఎరుపుకి పోతాయి, ముంజేయి నారింజరంగు దగ్గరే ఆగిపోతుంది. కొడవలి పట్టి, రోకలి పట్టి అరచేయి మందమెక్కిన మనిషికి అందరికంటే ఎర్రగా పండుతుంది. మొగుడి మంచితనానికి ఆపాదించిన ఎరుపు, ఆమె చేసిన చాకిరీది. ఆ చాకిరీయే మళ్ళీ ఎరుపుని తొందరగా చెరిపేస్తుంది. పాత్రలు తోమిన కొద్దీ, బట్టలు ఉతికిన కొద్దీ పైపొర రాలిపోతుంది, దానితోపాటు రంగూ పోతుంది. పది పన్నెండు రోజులుండవలసింది వారానికే మచ్చలు మచ్చలుగా మిగులుతుంది.

ఇప్పుడు ప్రకటనలోని ప్యాకేజీల దగ్గరికి వద్దాం. అక్కడ ఎరుపు ప్రస్తావనే లేదు. ఒక చేయి, రెండు చేతులు, ఒక వైపు, రెండు వైపులా, మోచేతి దాకా. అమ్ముతున్నది గీత. అది ఎంత పొడవు, ఎంత చోటు, ఎంత సేపు అన్నది లెక్క. ఈ మార్పు ఎలా వచ్చిందో తెలియాలంటే కోన్ గురించి మాట్లాడాలి.

రోట్లో నూరిన పచ్చి ఆకుతో గీత గీయలేం. ఎంత మెత్తగా నూరినా ఈనెలు మిగులుతాయి. అందుకే చందమామలూ తొడుగులూ. అవి డిజైన్ తెలియక పెట్టినవి కావు, ఆ పదార్థంతో కుదిరేవి అవే. ప్లాస్టిక్ కాగితాన్ని గరాటులా చుట్టి, కొసన సూదిమొన అంత రంధ్రం వదిలి, అందులోంచి దారంలా ముద్ద రావాలంటే ఎండబెట్టి, పొడి చేసి, సన్నని గుడ్డలో పదేపదే జల్లించిన ఆకు కావాలి. ఆ పొడి మన పెరటి నుంచి రాదు. రాజస్థాన్‌లో పాలీ జిల్లా సోజత్ చుట్టుపక్కల రైతులు గోరింటని పొలాల్లో పంటగా వేస్తారు. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి కోసుకోవచ్చు. దేశంలో అమ్మే మెహందీ పొడికి అదే పెద్ద కేంద్రం. సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక మెట్ట ప్రాంతం పెరటి ఆకుని వదిలేసి, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఇంకొక మెట్ట ప్రాంతపు పొడిని కొనుక్కోవటం ఇలా మొదలైంది. 1980లు, 90లలో కోన్లు మన చిన్న పట్టణాల ఫ్యాన్సీ షాపులకి చేరాయి. 1994, 95 సంవత్సరాల్లో వచ్చిన పెద్ద హిందీ పెళ్ళి సినిమాలు మెహందీని ఒక పూట కార్యక్రమంగా చూపించాయి. తెలుగు పెళ్ళిళ్ళ పిలుపుల్లోకి "మెహందీ ఫంక్షన్" ఆ తర్వాతే వచ్చింది. 1979 నాటి దాసరి సినిమాకి "గోరింటాకు" అని పేరు పెట్టగలిగారు. పదిహేనేళ్ళు గడిచాక ఆ మాట పట్నం పెళ్ళిలో పాతదైపోయింది.

గీత వచ్చాక నేర్పు వచ్చింది. ముద్ద అద్దటం ఎవరైనా చేయగలరు. అరబిక్ తీగ ఒక్క ఊపులో మణికట్టు నుంచి చూపుడువేలి కొస దాకా తడబడకుండా తీయటం సాధన మీద తప్ప రాదు. అద్దం మీద, పళ్ళెం మీద, చెల్లెలి చేతి మీద నెలల తరబడి గీసి నేర్చుకుంటారు. నేర్పు కనబడగానే దానికి వెల అడిగే ధైర్యం వచ్చింది. నూరినందుకు మన తల్లులు ఎప్పుడూ డబ్బు అడగలేకపోయారు, ఎందుకంటే అది పని అని ఎవరూ అనలేదు. గీసినందుకు ఈ అమ్మాయి అడగగలుగుతోంది. స్త్రీల ఇంటిపని కూలిగా మారిన సందర్భాలు చరిత్రలో ఎన్నో ఉన్నాయి. ఇక్కడ ఆ మార్పు మన కళ్ళ ముందే, ఒక తరం లోపలే జరిగింది.

ఎంత దక్కుతోంది? ఒక రాత్రిని లెక్కవేసి చూద్దాం. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ పండగ మార్చి 31న వచ్చాయి. చాంద్ రాత్ అంటే ఉగాది నాటి రాత్రే. కడప వైపు పల్లెలో ఈ పని చేసే అమ్మాయికి ఏడాది మొత్తంలో అంత గిరాకీ రాత్రి ఇంకోటి ఉండదు. అయితే చాంద్ రాత్‌కి ఒక చిక్కు ఉంది. నెలవంక ఇరవై తొమ్మిదో రోజున కనబడుతుందో, ముప్పై పూర్తవ్వాలో ముందు తెలియదు. మగ్రిబ్ తర్వాత కబురు వచ్చేదాకా పండగ రేపో ఎల్లుండో చెప్పలేరు. కబురు వచ్చిన అరగంటలో అందరూ ఒకేసారి వస్తారు. అందుకని ఆ ఒక్క రాత్రికి బుకింగులో గంట రాసివ్వటం కుదరదు, వరస నంబర్లు ఇవ్వాలి. "అడ్వాన్స్ ఇచ్చినవారికే టైము" అన్న మాట మిగతా పండగలకి పనికొస్తుంది.

రాత్రి ఏడు నుంచి ఒంటిగంట దాకా ఆరు గంటలనుకుందాం. ఒక చేయి, ఒక వైపు, తేలికపాటి డిజైన్‌కి పన్నెండు నిమిషాలు, మనిషి లేచి మనిషి కూర్చోవటానికి మూడు నిమిషాలు. అంటే గంటకి నాలుగు, మొత్తం ఇరవై నాలుగు చేతులు. పల్లె ధర ఒక్కో చేతికి 50 రూపాయలని పెట్టుకుంటే 1,200. ఇరవై ఐదు గ్రాముల కోన్ నాలుగు చేతులకి వస్తుందనుకుంటే ఆరు కోన్లు. ఒక్కోదానికి పాతిక రూపాయల ఖర్చనుకుంటే 150. మిగిలింది 1,050. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. ఒక్క రాత్రిలో మూడున్నర రోజుల కూలి. అందుకే ఇంటర్ చదివే పిల్ల, చదువాగిపోయిన పిల్ల, మిషను కుట్టే కోడలు కూడా ఈ పనికి ఆశపడుతున్నారు.

అయితే ఇలాంటి రాత్రులు ఏడాదికి ఎన్ని? పదిహేను దొరికాయనుకుంటే పదిహేను వేల చిల్లర. నెలకి పంచితే పదమూడు వందలు. పెళ్ళికూతురి ప్యాకేజికి ఎక్కువ వస్తుంది, కానీ దానికి నాలుగైదు గంటలు వంగి కూర్చోవాలి, పెళ్ళిళ్ళు ముహూర్తాల నెలల్లోనే ఉంటాయి. ఆషాఢంలో ఒక్క పెళ్ళీ ఉండదు. సరిగ్గా ఆ నెలే తెలుగిళ్ళలో గోరింటాకు పెట్టుకునే నెల. గోరింటాకుకి నిండు నెల, మెహందీకి ఖాళీ నెల. ఆషాఢం బుకింగులని ప్రకటనలో ముందు రాయటం వెనక ఉన్న ఇబ్బంది ఇదే. పెరట్లో ఊరికే దొరికే దానితో ఆమె పోటీ పడుతోంది.

పైన వేసిన లెక్కలోకి రాని పని ఒకటుంది, అదే "నేచురల్ కోన్" అన్న మాట. ఆ మాట నిలబెట్టుకోవాలంటే కోన్ సొంతంగా కలుపుకోవాలి. వంద గ్రాముల పొడి, ముప్పై గ్రాముల చక్కెర, ఇరవై మిల్లీలీటర్ల నీలగిరి తైలం, రెండు వందల యాభై మిల్లీలీటర్ల దాకా నిమ్మరసం, నీళ్ళు. చక్కెర ముద్దని చేతికి అంటిపెట్టి తేమ ఆరకుండా చూస్తుంది, తైలం రంగుని ముదురు చేస్తుంది. మూతపెట్టి ఉంచితే మామూలు రోజుల్లో ఎనిమిది గంటలకి పైగా పడుతుంది రంగు వదలటానికి. సీమ ఎండాకాలంలో మూడు నాలుగు గంటలకే వదిలేస్తుంది, అలాగే వదిలేస్తే చెడిపోతుంది కూడా. తర్వాత పలచని గుడ్డలో వడకట్టాలి. ఒక్క నలక మిగిలినా కోన్ కొస మూసుకుపోయి, గీత మధ్యలో తెగుతుంది. వచ్చేది పద్నాలుగు, పదిహేను కోన్లు. బయట రెండు మూడు రోజులకి మించి ఉంచితే రంగు తగ్గుతుంది. ఫ్రీజర్లో పెడితే నెలలు నిలుస్తాయి, కానీ ఫ్రిజ్ ఉండాలి, కరెంటు ఉండాలి. రోటి దగ్గర నాయనమ్మ పడిన గంట ఇక్కడికి వచ్చి కూర్చుంది. వెల కట్టని శ్రమ పోలేదు, వంటింట్లో ఇంకో గిన్నెలోకి మారింది.

ఫ్యాన్సీ షాపులో ఏడాది పొడుగునా వేలాడే కోన్ ఈ తిప్పలేవీ లేకుండా చవగ్గా దొరుకుతుంది. అరగంటలో నల్లగా పండుతుంది. గోరింటాకుకి ఆ రెండూ సాధ్యం కావు. అసలు ఆకు రంగు ఆరేడు గంటలు ఉంచాక కూడా తీసిన వెంటనే నారింజరంగులోనే ఉంటుంది. గాలి తగిలి ఒకటి రెండు రోజుల మీద ముదురుతుంది, అదీ గోధుమ ఎరుపుకే, బొగ్గు నలుపుకి ఎన్నడూ పోదు. నలుపు తొందరగా వచ్చిందంటే అందులో పారా ఫెనిలిన్ డయమిన్, పొట్టిగా పిపిడి, ఉండే అవకాశం ఎక్కువ. తలకి వేసే నల్లరంగులోని రసాయనం అది. చర్మం మీద నేరుగా పూయటానికి అమెరికాలోనూ, ఐరోపా దేశాల్లోనూ దానికి అనుమతి లేదు. మొదటిసారి పెట్టినప్పుడు చాలామందికి ఏమీ కాకపోవచ్చు. వారం పది రోజుల తర్వాత డిజైన్ ఉన్నంతమేరా దురద, ఎరుపు, నీటి పొక్కులు రావచ్చు. ఒకసారి శరీరం దానికి ఎదురు తిరిగితే అది జీవితాంతం ఉంటుంది, తర్వాత ఎప్పుడు తలకి అలాంటి రంగు వేసుకున్నా ముఖం వాచిపోవచ్చు. పదేళ్ళ పిల్లకి పండగనాడు పెట్టిన పూవు నలభయ్యేళ్ళ వయసులో బయటపడుతుంది.

నిప్పో ముందే ఆరిపోయినట్టు, తప్పు చేసినవాడు అప్పటికి దొరకడు. కోన్ మీద తయారుచేసిన చిరునామా చాలాసార్లు ఉండదు, ఏం కలిపారో రాయరు. వాసన చూస్తే కిరసనాయిలు ఘాటు కొడుతుంది. పొక్కులొచ్చినప్పుడు ఊళ్ళో మాట పడేది పెట్టిన అమ్మాయే. రోజూ ఆ ముద్దని వేళ్ళతో తుడుచుకునేదీ ఆమే. కొనేవాళ్ళు "నల్లగా పండాలి, తొందరగా కావాలి" అని అడుగుతారు, సహజమైన కోన్‌తో పెడితే పొద్దున నారింజరంగు చూసి డబ్బు తగ్గిస్తారు. "రేపు ముదురుతుంది" అని ముందే చెప్పి ఒప్పించటం ఆమె వ్యాపారంలో సగం. కాబట్టి ఆ ఒక్క మాట, "నేచురల్ కోన్ మాత్రమే", ప్రకటనలో అన్నిటికన్నా ఖరీదైనది. అయితే అసలు ఆకు కూడా అందరికీ ఒకేలా సరిపోదు. జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లలకి ఒంటికి గోరింటాకు పట్టిస్తే రక్తకణాలు విరిగిపోయి ప్రమాదమైన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. పురిటి బిడ్డ అరికాళ్ళకి ముద్దుగా పెట్టమని అడిగితే వద్దనటం మంచిది.

ఇక చివరి వరస. ఫోన్ చేయండి అని ఉంది, ఎవరికి? పట్టణాల్లో షాపుల మెట్ల మీద స్టూలు వేసుకుని మెహందీ పెట్టే మగవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళకి బోర్డుంటుంది, పేరుంటుంది, రాత్రి పదకొండింటికి బజార్లో కూర్చునే వీలుంటుంది. పల్లెలోని అమ్మాయి ప్రకటనలో తరచుగా పేరుండదు, ఫొటోలో మణికట్టు దాకా చేతులే ఉంటాయి. ఆ నంబరు ఆమెదో, అన్నదో, భర్తదో ప్రకటన చూస్తే తెలియదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో తాము సొంతంగా వాడుకునే సెల్‌ఫోన్ ఉన్నవాళ్ళు 54 శాతం. మిగతావాళ్ళ బేరం ఇంట్లో ఇంకొకరి చేతి మీదుగా నడవాలి. ఫోన్ తీసినవాడు "ఆ పొద్దు కుదరదు" అంటే కుదరదు. అడ్వాన్స్ అతని ఫోన్‌లో పడితే దాని లెక్క అతనిది. "లేడీస్ ఓన్లీ" అన్న మాట కూడా గిరాకీ కోసం రాసింది కాదు. తెలియని మగవాళ్ళ ఫోన్లు తగ్గటానికి, ఇంట్లో పెద్దలు ఒప్పుకోవటానికి రాసిన షరతు. ఆమె సంపాదనకి ఎంత మేరా ఎవరి అనుమతి కావాలో ఆ రెండు మాటలు చెబుతున్నాయి.

ఈ ప్రకటనని చూసి మన సంప్రదాయం బజారుపాలైందని బాధపడేవాళ్ళున్నారు. రోటి దగ్గర నూరిన గంటకి, అందరి తర్వాత మిగిలిన అడుగు ముద్దకి, పెట్టుకోకూడదన్న నియమానికి వాళ్ళు ఏం విలువ కట్టారో అడగాలి. సంపాదన వచ్చింది కనుక విముక్తి వచ్చేసిందని సంబరపడటానికీ లేదు. నెలకి పదమూడు వందలు, ఇంకొకరి చేతిలో ఫోన్, పొక్కులొస్తే తన మీద పడే నింద కూడా ఈ లెక్కలోనే ఉన్నాయి. వెల అడగటం మాత్రం మొదలైంది. మనలో చదువుకున్నవాళ్ళం ఈ ఆషాఢంలో అలాంటి అమ్మాయి చేత చేయి పెట్టించుకుంటే, బేరమాడే ముందు కోన్‌లో ఏముందో అడుగుదాం. నారింజరంగు వచ్చినందుకు డబ్బు తగ్గించకుండా ఉందాం. నంబరు ఎవరిదో కనుక్కుని, డబ్బు ఆమె చేతికే ఇద్దాం. ప్రకటన కింద ఆమె పేరు రాసుకోమని చెబుదాం.